బిల్లు అడుగున చిన్న పట్టిక: ఏ సరుకు ఏ శ్లాబులో పడిందో తేల్చే ప్రాజెక్టు డైరీ

నవంబర్ 2025, మొదటి వారం

మా బావకి తెనాలిలో ఓ మోస్తరు సూపర్‌మార్కెట్ ఉంది. డిస్ట్రిబ్యూటర్ల దగ్గర్నుంచి వచ్చే కొనుగోలు బిల్లుల్ని ఫోన్‌తో ఫోటో తీసి పంపితే, వాటిని చదివి స్టాకు సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే ప్రోగ్రాం రాస్తున్నాను. సరుకు పేరు, సంఖ్య, రేటు, మొత్తం వరకు పని బాగానే నడిచింది. పన్ను దగ్గరికి వచ్చేసరికి ఆగింది.

సంగతేమిటంటే, సగానికి పైగా బిల్లులు అర కాగితం మీద డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు కొట్టినవి. వెడల్పు చాలదు కాబట్టి సరుకు వరసలో పన్ను శాతం అనే గడి ఉండదు. బిల్లు అడుగున మూడు నాలుగు వరసల చిన్న పట్టిక మాత్రం ఉంటుంది: పన్ను శాతం, ఆ శాతం కిందకొచ్చే సరుకుల విలువ, సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. ఏ సరుకు ఏ శాతంలోదో ఎక్కడా రాసి ఉండదు.

అకౌంటెంట్ గారిని అడిగితే, "రిటర్ను వెయ్యడానికి నాకు అడుగు పట్టిక చాలు బాబూ, విడివిడిగా ఎందుకు?" అన్నారు. ఆయన వరకు నిజమే. ఇన్‌పుట్ క్రెడిట్ మొత్తం శ్లాబుల వారీగా తెలిస్తే సరిపోతుంది. కానీ బావ బాధ వేరు. డేట్ అయిపోయిన బిస్కెట్లు, కారిపోయిన నెయ్యి ప్యాకెట్లు వెనక్కి పంపేటప్పుడు డెబిట్ నోటులో ఆ సరుకు మీద కట్టిన పన్నును తిప్పి రాయాలి. పద్దెనిమిది శాతం కట్టి ఐదు శాతం రాస్తే ఆ తేడా ఊరికే పోతుంది. ఇప్పటిదాకా ఈ పనికి కౌంటర్ కుర్రాడు కాలిక్యులేటర్ పట్టుకుని కూర్చునేవాడు.

ఏప్రిల్ నుంచి పేరుకున్న బిల్లులు కూడా ఎక్కించాలి. అంటే సెప్టెంబర్ 22కి ముందువీ ఉన్నాయి, తరవాతవీ ఉన్నాయి. ఆ తేదీ నుంచి జీఎస్టీలో 12, 28 శాతం శ్లాబులు దాదాపుగా తీసేసి, చాలా కిరాణా సరుకుల్ని ఐదు శాతానికి దించారు. ఈ మార్పు పనిని తేలిక చేసిందా, కష్టం చేసిందా అన్నది డైరీలో ముందు ముందు తేలుతుంది.

అదే వారం, పరీక్షకు పెట్టుకున్న బిల్లు

అన్ని చిక్కులూ ఒకేచోట ఉన్న ఆగస్టు బిల్లు ఒకటి ఎంచుకున్నాను. ఎనిమిది వరసలు:

| సరుకు | సంఖ్య | రేటు | మొత్తం |
|---|---|---|---|
| కందిపప్పు కిలో | 24 | 115.00 | 2,760.00 |
| పంచదార కిలో | 45 | 44.00 | 1,980.00 |
| టీ పొడి | 12 | 120.00 | 1,440.00 |
| నెయ్యి అర లీటరు | 10 | 325.00 | 3,250.00 |
| టూత్‌పేస్టు | 35 | 53.30 | 1,865.50 |
| ఒంటి సబ్బు | 75 | 29.50 | 2,212.50 |
| బిస్కెట్లు | 48 | 30.00 | 1,440.00 |
| జామ్ | 6 | 145.00 | 870.00 |

అడుగు పట్టిక కాగితం మీద ఇలా ఉంది:

| శాతం | విలువ | సీజీఎస్టీ | ఎస్‌జీఎస్టీ |
|---|---|---|---|
| 5 | 6,056.40 | 151.41 | 151.41 |
| 12 | 4,037.60 | 242.26 | 242.26 |
| 18 | 5,407.64 | 486.69 | 486.69 |

రౌండాఫ్ మైనస్ 0.36, చివరి మొత్తం 17,262.00.

మనిషి చూస్తే పప్పు, పంచదార ఐదులో, నెయ్యి పన్నెండులో అని చటుక్కున చెప్పేస్తాడు. ప్రోగ్రాముకు ఆ జ్ఞానం ఇవ్వొచ్చు, ఇస్తాను కూడా. అయితే ముందు కాగితం మీదున్న అంకెలే తమంతట తాము ఎంత చెప్పగలవో చూడాలనుకున్నాను. సరుకు పేరును బట్టి శాతం ఊహించడం మన పని. పట్టికలో ఉన్నది మాత్రం అమ్మినవాడు నిజంగా వేసిన పన్ను. ఈ రెండూ కొట్టుకుంటే గెలవాల్సింది పట్టికే.

నవంబర్ రెండో వారం, ముందు పట్టికను నమ్మగలగాలి

వాట్సాప్‌లో వచ్చిన ఫోటో నొక్కుకుపోయి వస్తుంది. రిబ్బన్ పాతబడితే 3కీ 8కీ తేడా తెలియదు. అందుకే పట్టిక ఉన్న భాగాన్ని విడిగా కత్తిరించి, రెండు మూడు రెట్లు పెద్దది చేసి, అంకెలు తప్ప ఇంకేమీ చదవొద్దని చెబుతూ, ఫోటోలోని అక్షరాల్ని చదివే టెసరాక్ట్ అనే ప్రోగ్రాముకి ఇస్తున్నాను.

```
tesseract tax_crop.png out --psm 6 -c tessedit_char_whitelist=0123456789.,%
```

ఇలా చేస్తే శీర్షికలు చెత్తగా వస్తాయి. రానివ్వండి, అవి నాకక్కర్లేదు. ఏ గడి ఏమిటో అంకెలే చెబుతాయి. ఒకే వరసలో సమానంగా ఉన్న రెండు అంకెలు సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. వాటికంటే బాగా పెద్దది విలువ. శాతం గడిని కూడా నేను నమ్మడం లేదు, ఎందుకంటే కొందరు అక్కడ 5 అని, కొందరు 2.5 అని వేస్తారు. 151.41ని 6,056.40తో భాగిస్తే 0.025 వస్తుంది. సీజీఎస్టీ మొత్తం పన్నులో సగమే కాబట్టి శ్లాబు ఐదు.

ఈ బిల్లులో రెండో వరస విలువ 4,087.60గా వచ్చింది. 3 కాస్తా 8 అయింది. కంటితో చూస్తే నిక్షేపంలా ఉంది. లెక్క మాత్రం ఊరుకోలేదు: 4,087.60 మీద ఆరు శాతం 245.26 అవ్వాలి, పక్కన ఉన్నదేమో 242.26.

```python
def fits(taxable, cgst, rate_bp):
    # అన్నీ పైసల్లో; 6% అంటే rate_bp = 600
    return abs(taxable * rate_bp - cgst * 10000) <= 5000
```

పైసల్ని పూర్ణాంకాలుగానే ఉంచాను. దశాంశాలతో ఆడితే అర పైసా దగ్గర పోలికలు అటూ ఇటూ అవుతాయి. ఆ `5000` అన్నది అర పైసా. పన్నును దగ్గరి పైసాకి సరిచేసినప్పుడు అంతకు మించి తేడా రాకూడదు.

తప్పు ఉందని తెలిశాక, ఏ అంకె తప్పో తేల్చడం తరవాతి పని. పన్ను గడి రెండుసార్లు ఒకేలా చదివింది, కాబట్టి దాన్ని నమ్మి వెనక్కి లెక్క కట్టాను. 242.26 రావాలంటే విలువ సుమారు 4,037.58కీ 4,037.75కీ మధ్య ఉండాలి. చదివిన 4,087.60లో ఒక్క అంకె మార్చి ఆ సందులోకి తేగలిగింది 4,037.60 ఒక్కటే. పైగా పట్టిక కింద విలువల కూడిక 15,501.64 అని ఉంది. మిగతా రెండు వరసలు తీసేస్తే అదే 4,037.60 మిగిలింది. రెండు వేర్వేరు దారుల్లో ఒకే జవాబు వస్తేనే ప్రోగ్రాం తనంతట తాను దిద్దుతుంది. ఒక దారిలోనే వస్తే మనిషికి చూపిస్తుంది.

వెనక్కి లెక్క కట్టడంలో ఒక ఇబ్బంది ఉంది. పన్ను శాతం తగ్గేకొద్దీ ఆ సందు వెడల్పవుతుంది. తొమ్మిది శాతం దగ్గర విలువ అటూ ఇటూ ఆరు పైసల్లోపే దొరుకుతుంది, రెండున్నర శాతం దగ్గర ఇరవై పైసలు. కాబట్టి ఐదు శాతం వరసలో పైసల అంకె చెరిగిపోతే పన్ను నుంచి దాన్ని రాబట్టలేం. కింది కూడిక ఉంటేనే దారి.

సరుకు వరసలకు ఇంత తంటా లేదు. సంఖ్యను రేటుతో గుణిస్తే మొత్తం రావాలి. పంచదార 1,930 అని చదివితే 45 ఇంటూ 44 వెంటనే పట్టిస్తుంది.

మూడో వారం, వరసల కూడికకీ పట్టికకీ పొంతన

ఎనిమిది వరసలు కూడితే 15,818.00. పట్టికలో విలువల మొత్తం 15,501.64. ఇవి రెండూ కలవకుండా మ్యాపింగ్ మొదలుపెడితే ఏ సరుకునీ ఏ శ్లాబులోనూ సరిగ్గా పెట్టలేం. కలవకపోవడానికి మా బిల్లుల్లో మూడు కారణాలు కనిపించాయి.

ఒకటి, వరసల్లోనే పన్ను కలిసి ఉండటం. అప్పుడు వరసల కూడిక రౌండాఫ్‌కి ముందున్న చివరి మొత్తంతో కలవాలి. ఇక్కడ అది 17,262.36, కలవలేదు.

రెండోది, పన్ను లేని సరుకులు. ఉప్పు, అప్పడాలు లాంటివి సున్నా శాతం. చాలా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు సున్నా వరసను పట్టికలో అచ్చు వెయ్యవు. ఇది చాలా మోసం చేస్తుంది, ఎందుకంటే పైకి డిస్కౌంటు ఇచ్చినట్టే ఉంటుంది. తేడా కనిపెట్టేది చివరి మొత్తం దగ్గర: 17,262.36లోంచి 15,501.64నీ, మొత్తం పన్ను 1,760.72నీ తీసేయాలి. ఏమైనా మిగిలితే అదే దాక్కున్న సున్నా వరస విలువ. దాన్ని పట్టికలో నాలుగో వరసగా నేనే చేరుస్తాను. ఈ బిల్లులో ఏమీ మిగల్లేదు.

ఇక మూడోది, బిల్లు మొత్తం మీద ఇచ్చే క్యాష్ డిస్కౌంటు. 15,501.64ని 15,818తో భాగిస్తే సరిగ్గా 0.98. రెండు శాతం సీడీ. నిష్పత్తి ఇలా శుభ్రంగా వచ్చినప్పుడు ప్రతి వరసనూ దానితో తగ్గించి ముందుకు వెళ్తాను. 0.98311 లాంటిది వస్తే మాత్రం అది డిస్కౌంటు కాదు, ఎక్కడో వరస తప్పు చదివాం లేదా ఒక వరస ఫోటోలో మడతలో పోయింది. నిజానికి ఈ పరీక్ష వల్ల చాలా బిల్లులు ముందే వెనక్కి తిరుగుతున్నాయి. "మళ్ళీ ఫోటో తియ్యి" అని కౌంటర్ కుర్రాడికి కబురు పోతుంది. వాడికి నా మీద మంచి అభిప్రాయం లేదు.

పదికి ఒకటి ఉచితం అనే స్కీము వరసలు సున్నా రూపాయలతో వస్తాయి. కూడికలో వాటి బరువు ఏమీ లేదు కాబట్టి అంకెలు వాటి గురించి ఏమీ చెప్పలేవు. అదే సరుకు డబ్బులిచ్చి కొన్న వరసకు ఏ శాతం తేలితే దానికీ అదే ఇస్తున్నాను.

నెలాఖరు, సరుకుల్ని శ్లాబుల్లో సర్దడం

ఇప్పుడు అసలు ముడి. తగ్గించిన ఎనిమిది మొత్తాల్ని మూడు గంపల్లో సర్దాలి. ప్రతి గంప బరువు పట్టికలో ఉన్నంతే తూగాలి. మూడు శ్లాబులు, ఎనిమిది సరుకులు అంటే 6,561 రకాలుగా సర్దొచ్చు. కంప్యూటరుకి అదో లెక్క కాదు, అన్నీ చూసేయొచ్చు.

```python
from itertools import product

def solve(lines, targets, tol):
    rates = list(targets)
    for pick in product(rates, repeat=len(lines)):
        got = dict.fromkeys(rates, 0)
        for amt, r in zip(lines, pick):
            got[r] += amt
        if all(abs(got[r] - targets[r]) <= tol for r in rates):
            yield pick
```

`tol` ఎంత ఉండాలన్నది ముఖ్యం. డిస్కౌంటు తీసేటప్పుడు ప్రతి వరసలో అర పైసా దాకా తేడా రావచ్చు. కాబట్టి ఎనిమిది వరసలకు నాలుగు పైసలు. "పోనీ రూపాయి పెట్టేద్దాం, ఎందుకైనా మంచిది" అనిపిస్తుంది. రూపాయి అంటే వంద పైసలు, అంటే కాకతాళీయంగా కుదిరే తప్పుడు సర్దుబాట్లకు తలుపు బార్లా తెరిచినట్టే.

ఈ బిల్లుకు ఎన్ని జవాబులు వచ్చాయో చూస్తే సరిగ్గా రెండు. మిగతా 6,559 కొట్టుకుపోయాయి, ఒక్క సరుకు పేరు కూడా చూడకుండానే. ఎలా కొట్టుకుపోయాయో కాగితం మీద చూసుకుంటే ముచ్చటేసింది. డిస్కౌంటుకి ముందు లెక్కలో గంపలు 6,180, 4,120, 5,518. అన్నీ నిండు రూపాయలు. సరుకుల్లో యాభై పైసలు ఉన్నవి రెండే, టూత్‌పేస్టూ సబ్బూ. కాబట్టి అవి ఒకే గంపలో ఉండి తీరాలి. రెండూ కలిపి 4,078. పన్నెండు గంపలో పెడితే ఇంకా 42 రూపాయల సరుకు కావాలి, లేదు. ఐదులో పెడితే 2,102 కావాలి, ఎలా కూడినా రాదు. పద్దెనిమిదిలో పెడితే 1,440 కావాలి, ఉంది. ఆ తరవాత నెయ్యీ జామూ కలిసి 4,120 కావడం తప్ప వేరే దారి లేదు.

మిగిలిన చిక్కల్లా 1,440 రూపాయల సరుకులు రెండు ఉండటం. టీ పొడి, బిస్కెట్లు. పద్దెనిమిదిలోకి వెళ్ళింది ఏది? ఎంత లెక్క కట్టినా అంకెలు ఇక నోరు విప్పవు. ఏది ఎటు వేసినా క్రెడిట్ మొత్తం మారదు, అకౌంటెంట్ గారికి ఏ ఇబ్బందీ లేదు. తేడా పడేది బిస్కెట్లు వెనక్కి పంపిన రోజున. డిస్కౌంటు పోగా 1,411.20 మీద పదమూడు శాతం తేడా అంటే 183 రూపాయల చిల్లర.

ఇక్కడ సరుకు రకాన్ని చెప్పే హెచ్‌ఎస్‌ఎన్ కోడు అక్కరకొచ్చింది. టీ 0902, బిస్కెట్లు 1905. ఆగస్టులో మొదటిది ఐదు, రెండోది పద్దెనిమిది. రెండు జవాబుల్లో ఒకటే మిగిలింది.

డిసెంబర్ మొదటి వారం, పెద్ద బిల్లు వచ్చింది

చిన్న బిల్లు మీద ఇంత అందంగా పనిచేసింది కాబట్టి అక్టోబరుది నలభై వరసల బిల్లు ఒకటి పెట్టి చూశాను. శ్లాబులు రెండే, ఐదూ పద్దెనిమిదీ. తేలిక కావాలి కదా?

కాలేదు. నలభై సరుకుల్ని రెండు గంపల్లో సర్దే దారులు లక్ష కోట్లకు పైనే. అన్నీ చూడనక్కర్లేని పద్ధతులు ఉన్నాయి, వేగం సమస్య కాదు. బిల్లు అరవై వేల రూపాయలది, అంటే అరవై లక్షల పైసలు. ఒక గంప బరువు సున్నా నుంచి అరవై లక్షల మధ్య ఏదో ఒక అంకె అవ్వాలి. లక్ష కోట్ల సర్దుబాట్లు అరవై లక్షల అంకెల మీద పడితే, సగటున ఒక్కో అంకె మీద లక్షా ఎనభై వేల సర్దుబాట్లు పడతాయి. పైసాతో సహా సరిపోయే జవాబులు లక్షల్లో ఉంటాయి, వాటిలో నిజమైనది ఒకటి. ఇలాంటి చోట ప్రోగ్రాం మొదట దొరికిన జవాబును "పైసాతో సహా కలిసింది" అని చూపిస్తే మనం నమ్మేస్తాం. నాకు భయం వేసింది అక్కడే.

ఎన్ని వరసల దగ్గర ఇది చెడుతుందో ఉజ్జాయింపు కట్టొచ్చు. రెండు శ్లాబులకు వరసలు ఇరవై అయ్యేసరికి సర్దుబాట్లు పది లక్షలు దాటతాయి, అంటే పది ఇరవై వేల రూపాయల బిల్లులోని పైసలంత. అక్కడి నుంచి కాకతాళీయపు జవాబులు మామూలు విషయం అయిపోతాయి. మొత్తాలన్నీ నిండు రూపాయల్లోనో పదుల్లోనో ఉంటే అంతకంటే చాలా ముందే చెడుతుంది. ఆగస్టు బిల్లులో మనల్ని కాపాడిన యాభై పైసల్లాంటివి అన్ని బిల్లుల్లో ఉండవు మరి.

కాబట్టి పెద్ద బిల్లులకు పని వరస తిరగేశాను. ముందు ఊహ, తరవాత లెక్క. గట్టిగా తెలిసిన సరుకుల్ని వాటి శ్లాబుల్లో ముందే పెట్టేసి, వాటి విలువను గంపల్లోంచి తీసేస్తాను. ఈ నలభైలో ముప్ఫై మూడు అలా కూర్చున్నాయి. మిగిలింది ఏడు సరుకులు, 128 సర్దుబాట్లు. ఇప్పుడు పైసాతో సహా కలిస్తే దానికి మళ్ళీ విలువ ఉంది.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చినది, ఊహ తప్పినప్పుడు జరిగేది. ఈ బిల్లులోనే జరిగింది. ఏడు సరుకుల్నీ ఎలా తిప్పినా కలవలేదు. అప్పుడు ముందే కూర్చోబెట్టిన వాటిని ఒక్కొక్కటిగా లేపి చూస్తుంది. ఒక సర్దుబాటులో ఐదు శాతం గంప 742.50 ఎక్కువ తూగింది, పద్దెనిమిది గంప సరిగ్గా అంతే తక్కువ. 742.50 మొత్తం ఉన్న వరస ఒకటే ఉంది, చేతులు కడుక్కునే లిక్విడ్ హ్యాండ్‌వాష్, 15 సీసాలు. దాని కోడు 3401తో మొదలవుతుంది, ఒంటి సబ్బు కోడూ అదే. సెప్టెంబర్‌లో ఐదుకి దిగింది సబ్బు బిళ్ళలే, హ్యాండ్‌వాష్ పద్దెనిమిదిలోనే ఉండిపోయింది. ఒకే తప్పు ఉంటే తేడా ఎప్పుడూ ఆ వరస మొత్తంతో సమానంగా ఉంటుంది కాబట్టి అది తన పేరు తానే చెప్పుకుంటుంది. రెండు తప్పులుంటే రెండు వరసల జతలు వెతకాలి, అక్కడ అనుమానాలు పెరుగుతాయి. మూడైతే నేను వెతకడం లేదు, బిల్లు మనిషి దగ్గరికి పోతుంది.

డిసెంబర్ రెండో వారం, హెచ్‌ఎస్‌ఎన్ మాస్టరు సంగతి

"కోడు ఉందిగా, దాన్ని బట్టి శాతం వేసేస్తే పోలా? ఇంత లెక్కెందుకురా?" అని బావ అడిగాడు. మంచి ప్రశ్నే.

"నాలుగంకెల కోడు చాలదు బావా" అన్నాను. ఐదు కోట్ల లోపు టర్నోవరు ఉన్నవాళ్ళు బిల్లు మీద నాలుగంకెలే వేస్తే చాలు. 1905నే చూడండి. ఆగస్టులో ఆ నాలుగంకెల కింద బ్రెడ్డు, అప్పడాలు సున్నా శాతం, రస్కులు ఐదు, బిస్కెట్లు పద్దెనిమిది. ఒకే కోడు, మూడు శాతాలు. బియ్యం ఇంకా విచిత్రం. 2022 జూలై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల దాకా ఐదు శాతం, అది దాటితే పన్ను లేదు. మన వైపు బియ్యం కొట్లలో 26 కిలోల బస్తా ఎందుకు పుట్టుకొచ్చిందో అందరికీ తెలిసిందే. కోడు 1006 రెండింటికీ ఒకటే. శాతం తేల్చేది పేరు పక్కన ఉన్న బరువు. ఆ 26ని టెసరాక్ట్ 25 అని చదివితే, ఏ సరుకుకి ఏ శాతమో నేను రాసిపెట్టుకున్న మాస్టరు పట్టిక ఐదు శాతం అంటుంది. దాక్కున్న సున్నా వరసలో అంత విలువ ఖాళీగా కనబడి ఆ తప్పు బయటపడుతుంది.

ఇక తేదీ. మాస్టరులో ప్రతి శాతానికీ ఎప్పటి నుంచి ఎప్పటిదాకా అన్న రెండు గడులు పెట్టాను. టూత్‌పేస్టు, ఒంటి సబ్బు, బిస్కెట్లు సెప్టెంబర్ 21 దాకా 18, తరవాత 5. నెయ్యి, జామ్ 12 నుంచి 5కి. ఆగస్టు బిల్లులోని ఎనిమిది సరుకుల్నీ నవంబర్లో కొంటే అన్నీ ఐదులోనే పడతాయి, అసలు మ్యాపింగే అక్కర్లేదు. టీకీ బిస్కెట్లకీ ఉన్న తగువు కూడా తీరిపోయింది.

తేదీ గడులతో అంతా కుదిరిందనుకునేలోగా అక్టోబర్ తేదీతో ఒక క్రెడిట్ నోటు వచ్చింది. ఆగస్టులో కొన్న బిస్కెట్లు వెనక్కి తీసుకున్నందుకు డిస్ట్రిబ్యూటర్ ఇచ్చినది. తేదీని బట్టి మాస్టరు ఐదు అంటుంది. నోటు అడుగు పట్టికలో ఉన్నది పద్దెనిమిది ఒక్కటే. నోటే కరెక్టు, ఎందుకంటే వెనక్కి తీసుకుంటున్నది పాత అమ్మకాన్ని, దాని మీద పడ్డ పన్ను పద్దెనిమిది. దీనికి ప్రత్యేకంగా నియమం రాయనక్కర్లేకుండా పోయింది. మొదటి నుంచీ పెట్టుకున్న పద్ధతి ప్రకారం, పట్టికలో లేని శాతాన్ని ఏ సరుకుకీ ఇవ్వకూడదు. మాస్టరు ఐదు అన్నా పట్టికలో ఐదు లేదు కాబట్టి ఆ ఊహ అక్కడే ఆగిపోతుంది.

ఇదే కారణంతో, మనిషి దిద్దిన జవాబుల్ని దాచుకునేటప్పుడు క్రెడిట్ నోట్లవి మాస్టరులోకి పోనివ్వడం లేదు. మామూలు బిల్లులవి డిస్ట్రిబ్యూటర్, సరుకు పేరు, బిల్లు తేదీతో కలిపి దాస్తున్నాను. ఒకే సరుకును ఇద్దరు డిస్ట్రిబ్యూటర్లు వేరే వేరే కుదించిన పేర్లతో కొడతారు. అందుకే డిస్ట్రిబ్యూటర్ను వదిలేస్తే పేర్లు ఒకదానికొకటి తగులుకుంటాయి.

డిసెంబర్ మూడో వారం, ప్రస్తుతం

మనిషికి చూపించే తెర తయారైంది. అకౌంటెంట్ గారి ఆఫీసులో ఒకమ్మాయి దాని మీద పనిచేస్తోంది. మొదట బిల్లు మొత్తం చూపించి అనుమానం ఉన్న వరసలకు పసుపు రంగు పూశాను. "నలభై వరసల్లో పసుపు వెతుక్కోవడమే పని అయిపోతోంది సార్" అంది ఆ అమ్మాయి. ఇప్పుడు జవాబులన్నిటిలో ఒకేలా వచ్చిన వరసల్ని దాచేసి, జవాబుల మధ్య తేడా ఉన్న వరసల్ని మాత్రం ఫోటో ముక్కతో సహా చూపిస్తున్నాను. ఆగస్టు బిల్లుకు హెచ్‌ఎస్‌ఎన్ లేదనుకుంటే తెర మీద రెండే వరసలు: టీ పొడి, బిస్కెట్లు, ఏది పద్దెనిమిది? ఒక్క నొక్కుతో అయిపోతుంది. పట్టికలో ప్రోగ్రాం తనంతట దిద్దిన అంకె ఉంటే దాని ఫోటో ముక్క కూడా పైన కనబడుతుంది, చదివినదీ దిద్దినదీ పక్కపక్కనే.

వచ్చిన జవాబు ఎంత నమ్మదగ్గదో చెప్పడానికి శాతాలు, నక్షత్రాలు ఏవీ పెట్టలేదు. రెండు అంకెలు మాత్రం రాస్తున్నాను: ఊహతో కూర్చోబెట్టిన వరసలు ఎన్ని, మిగతావాటికి లెక్క కుదిరిన జవాబులు ఎన్ని. రెండోది ఒకటి అయితేనే బిల్లు సొంతంగా లోపలికి వెళ్తుంది. ఊహించకుండా మిగిలిన వరసలు పన్నెండు దాటితే, జవాబు ఒక్కటే వచ్చినా ఆపేస్తున్నాను. పన్నెండు అన్నది మా బిల్లుల మొత్తాల్ని చూసి నేను పెట్టుకున్న హద్దు. పెద్ద మొత్తాలు, చిల్లర పైసలు ఎక్కువ ఉండే వ్యాపారంలో దాన్ని పెంచుకోవచ్చు.

ఇంకా కుదరనిది కూల్‌డ్రింకుల పాత బిల్లులు. వాటి మీద 28 శాతం జీఎస్టీ, పైన 12 శాతం సెస్సు ఉండేది. కొందరు సెస్సును పట్టికలో ఐదో గడిగా, కొందరు పట్టిక కింద విడి వరసగా కొట్టారు. విడి వరసగా ఉన్నచోట నా దాక్కున్న సున్నా లెక్క ఆ సెస్సును పన్ను లేని సరుకు అనుకుంటోంది. మిగులు విలువ సరిగ్గా 28 శాతం వరస విలువలో 12 శాతం అయితే దాన్ని సెస్సుగా పక్కన పెట్టాలి. సెప్టెంబర్ తరవాతి బిల్లుల్లో అవి నేరుగా 40 శాతం వరసలోకి వచ్చేశాయి కాబట్టి ఈ పని పాత బిల్లులకే. ఆ దొంతరలో కూల్‌డ్రింకులవి ఎన్ని ఉన్నాయో బావని లెక్కపెట్టమన్నాను. కొద్దే అయితే ఈ సెస్సు లెక్కకు కోడు రాయను, ఆ అమ్మాయే చేత్తో ఎక్కిస్తుంది.